ఎవరు ఎవరి కింద? గజిబిజి పేరా నుంచి మెట్ల జాబితా

ఆస్పత్రులకి నాణ్యతను చూసి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోసం కాగితాలు సిద్ధం చేసే పని నాది. ఏ ఆస్పత్రికి వెళ్ళినా మొదట అడిగే వాటిలో ఒకటి ఆర్గనోగ్రామ్, అంటే ఎవరు ఏ హోదాలో ఉన్నారు, ఎవరు ఎవరికి జవాబుదారీ అని చూపే పట్టిక. చాలాచోట్ల అది ఉండదు. "రేపు పంపిస్తాం" అంటారు. మర్నాడు ఫోన్‌కి ఒక పొడవాటి మెసేజ్ వస్తుంది. అందులో అన్నీ ఉంటాయి, కానీ ఏదీ దాని చోట ఉండదు.

అలాంటి పేరా ఒకటి కింద ఇస్తున్నాను. నేను చూసిన మెసేజ్‌ల ధోరణిలోనే ఉంటుంది కానీ పేర్లు, అంకెలు అన్నీ ఉదాహరణ కోసం నేను కూర్చినవే. ఒకసారి నెమ్మదిగా చదవండి. ఇంకా కాగితం మీద ఏమీ గీయకండి.

"మన ఎం.డి. డాక్టర్ ప్రసాద్ గారు. మెడికల్ సూపరింటెండెంట్ డాక్టర్ సుజాత గారు, అడ్మినిస్ట్రేటర్ రాఘవ గారు ఇద్దరూ ఆయనకే రిపోర్ట్ చేస్తారు. నర్సింగ్ అంతా మేరీ మేడం చూస్తారు, ఆవిడ సుజాత గారి కింద. జనరల్ వార్డు ఇంచార్జ్ పద్మ, ఐసీయూ ఇంచార్జ్ కరుణ, మేరీ మేడం దగ్గరే. జనరల్ వార్డులో పన్నెండు మంది స్టాఫ్ నర్సులు, ఐసీయూలో ఎనిమిది మంది. ల్యాబ్ సురేష్ చూస్తాడు, చేతి కింద ముగ్గురు టెక్నీషియన్లు, రిపోర్టులు డ్యూటీ డాక్టర్లకి ఇస్తారు. డ్యూటీ డాక్టర్లు ఐదుగురు, వాళ్ళకి డ్యూటీలు సూపరింటెండెంట్ గారు వేస్తారు. కింద ఫార్మసీ అనిల్‌ది, ఇద్దరు ఫార్మసిస్టులున్నారు. రాఘవ గారి దగ్గర అకౌంట్స్ ఆఫీసర్ గీత. హెచ్‌ఆర్ మేనేజర్ పోస్టు ఖాళీ, ప్రస్తుతానికి గీతే ఇంచార్జ్. ఫ్రంట్ ఆఫీస్ కూడా రాఘవ గారిదే, అంతా మన స్టాఫే, నలుగురున్నారు, రవి హెడ్. హౌస్‌కీపింగ్ పది మంది కాంట్రాక్టు వాళ్ళు, వాళ్ళ సూపర్‌వైజర్ రవి, అతనూ కాంట్రాక్టే, అడ్మినిస్ట్రేటర్ గారికి చెప్తాడు కానీ వార్డుల్లో పని మేడం చెప్పినట్టే. క్వాలిటీ కోఆర్డినేటర్ స్వాతి సూపరింటెండెంట్ గారికీ, అడ్మినిస్ట్రేటర్ గారికీ ఇద్దరికీ."

చదవగానే పైన ఎం.డి. డబ్బా గీసి, కింద గీతలు లాగాలనిపిస్తుంది. మొదట్లో నేనూ అలాగే మొదలుపెట్టేదాన్ని. సగం దాకా బాగానే వచ్చేది. ఆ తర్వాత ఫార్మసీని ఎక్కడ పెట్టాలో తెలియక, ఖాళీగా ఉన్న చోట పెట్టేసేదాన్ని. ఒకసారి గీత పడిందంటే అది నిజంలాగే కనిపిస్తుంది, మళ్ళీ ఎవరూ అడగరు. అందుకే పటం ఆఖరున. ముందు పేరాను జతలుగా విడగొట్టాలి. ఆ జతల నుంచి, పైవాళ్ళ కింద వాళ్ళ మనుషులు ఒక మెట్టు లోపలికి వచ్చేలా మెట్ల జాబితా రాయాలి.

మొదటి పని: మనుషుల్ని లెక్కపెట్టడం

పేరాలో కనిపించిన ప్రతి మనిషినీ, ప్రతి గుంపునూ ఒక్కో వరుసలో రాయండి. సంబంధాలు ఇంకా రాయొద్దు. ఇక్కడ చూడాల్సింది, ఒకే మనిషి ఎన్ని పేర్లతో వస్తున్నారో. సుజాత గారు ఈ పేరాలో ఒకచోట "సుజాత గారు", ఇంకోచోట "సూపరింటెండెంట్ గారు". రాఘవ గారే "అడ్మినిస్ట్రేటర్ గారు". మన ఆఫీసుల్లో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరు కాబట్టి హోదాతోనో, సార్, మేడం అనో రాస్తారు. వాటన్నిటినీ ఒక్క వరుసలోకి చేర్చాలి.

దీనికి తలకిందులైన సమస్య రవి. పేరాలో రవి రెండుసార్లు వచ్చాడు. ఫ్రంట్ ఆఫీస్ హెడ్, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. ఒకే మనిషి రెండు పనులు చూస్తున్నాడా, ఇద్దరు రవులున్నారా? ఒకరు ఆస్పత్రి ఉద్యోగి, ఇంకొకరు కాంట్రాక్టు అని పేరాలోనే ఉంది కాబట్టి ఇద్దరూ వేరు. అలాంటి ఆధారం లేనప్పుడు మాత్రం ఊహించకుండా అడగాలి. ఇద్దరని తేలాక "రవి ఫ్రంట్ ఆఫీస్", "రవి హౌస్‌కీపింగ్" అని అప్పుడే విడదీసి రాసేయండి. ఉద్యోగి నంబరు ఉంటే ఇంకా మంచిది.

"మేడం" సంగతి కూడా ఇక్కడే. "వార్డుల్లో పని మేడం చెప్పినట్టే" అన్నారు. ఏ మేడం? ఈ పేరాలో మేరీనే మేడం అన్నారు కాబట్టి ఆవిడే అయి ఉండవచ్చు. కానీ ఆస్పత్రిలో సుజాత గారిని కూడా అందరూ మేడం అనే పిలుస్తారు. దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి ముందుకు వెళ్ళండి.

గుంపుల్ని గుంపులుగానే ఉంచండి. ఇరవై మంది నర్సుల పేర్లు ఈ పట్టికకు అవసరం లేదు. "స్టాఫ్ నర్సులు, జనరల్ వార్డు, 12" అని ఒక వరుస చాలు. అయితే జనరల్ వార్డు నర్సుల్నీ, ఐసీయూ నర్సుల్నీ కలిపి 20 అని రాయకూడదు. వాళ్ళ పైన ఉన్న ఇంచార్జ్‌లు వేరు, కాబట్టి వరుసలూ రెండు కావాలి.

ఖాళీ పోస్టుకి కూడా ఒక వరుస ఇవ్వాలి. హెచ్‌ఆర్ మేనేజర్ లేరు, కానీ ఆ కుర్చీ ఉంది. మనిషి లేరని కుర్చీని తీసేస్తే, రేపు మనిషి వచ్చినప్పుడు ఎక్కడ కూర్చోవాలో పట్టిక చెప్పలేదు.

ఇలా రాస్తే మన పేరాలో పేరున్న మనుషులు 12 మంది, ఖాళీ పోస్టు 1, గుంపులు 7. మొత్తం 20 వరుసలు. ఈ 20ని గుర్తుంచుకోండి, ఆఖర్లో దీంతో పనుంది.

రెండో పని: ప్రతి వాక్యాన్నీ జతగా మార్చడం

ఇప్పుడు పేరాను మళ్ళీ మొదటి నుంచి చదువుతూ, ప్రతి వరుస పక్కన "ఎవరికి" అన్న గడిలో ఒకే ఒక్క పేరు రాయాలి. పద్మ, మేరీకి. మేరీ, సుజాతకి. సుజాత, ప్రసాద్‌కి. నేరుగా పైనున్న మనిషి మాత్రమే. "చివరికి అందరూ ఎం.డి. గారికే" లాంటి వాక్యాలు ఎక్కువగా వస్తుంటాయి. అవి నిజమే కానీ జతలు కావు. వాటిని రాస్తే పద్మకి మేరీ, సుజాత, ప్రసాద్ ముగ్గురూ పైవాళ్ళవుతారు.

ఇక్కడ మన తెలుగు మాటలు కొన్ని బాగా పొరబాటు పట్టిస్తాయి. వీటి మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే నేను దిద్దిన పట్టికల్లో తప్పులు ఎక్కువగా వీటి దగ్గరే దొరికాయి.

ఒకటి "కింద". "ఆవిడ సుజాత గారి కింద" అంటే అధికారం. "కింద ఫార్మసీ" అంటే గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న ఫార్మసీ. రెండు వాక్యాల్లోనూ మాట ఒకటే. రెండో దానిని తొందరలో చదివితే, అంతకుముందు వాక్యంలో ఉన్న సూపరింటెండెంట్ గారి కిందనో, డ్యూటీ డాక్టర్ల కిందనో ఫార్మసీ చేరిపోతుంది. "కింద" ముందు "గారి" లాంటి షష్ఠీ రూపం లేకపోతే అది అధికారం కాకపోవచ్చని అనుమానించండి.

రెండోది "రిపోర్ట్". ఆస్పత్రిలో రిపోర్ట్ అంటే ముందు గుర్తొచ్చేది రక్తపరీక్ష కాగితం. "రిపోర్టులు డ్యూటీ డాక్టర్లకి ఇస్తారు" అన్న వాక్యం ల్యాబ్ వాళ్ళు డ్యూటీ డాక్టర్లకి జవాబుదారీ అని చెప్పడం లేదు. కాగితం ఎటు వెళ్తుందో చెబుతోంది అంతే. కాగితం వెళ్ళే దారి, అధికారం నడిచే దారి వేర్వేరు. బిల్లులు అకౌంట్స్‌కి వెళ్తాయని ఫ్రంట్ ఆఫీస్ అకౌంట్స్ కింద ఉన్నట్టు కాదు.

మూడోది "చూస్తారు". "నర్సింగ్ అంతా మేరీ మేడం చూస్తారు" అంటే పర్యవేక్షణ. "ల్యాబ్ సురేష్ చూస్తాడు" అంటే? అతను ఇంచార్జా, లేక పరీక్షలు చేసే టెక్నీషియనా? పక్కనే "చేతి కింద ముగ్గురు" ఉంది కాబట్టి సరిపోయింది. అది లేకపోతే తెలిసేది కాదు. "చూస్తారు" అన్న చోటల్లా, ఆ పని చేసే వేరే మనుషులు ఉన్నారా అని వెతకండి.

నాలుగోది "ఇంచార్జ్". ఐసీయూ ఇంచార్జ్ కరుణ అంటే అది ఆవిడ హోదా. హెచ్‌ఆర్‌కి గీత ఇంచార్జ్ అంటే ఖాళీగా ఉన్న కుర్చీ పని తాత్కాలికంగా చూస్తోందని. గీత హోదా అకౌంట్స్ ఆఫీసరే. ఆవిడని రెండుచోట్ల రాస్తే పట్టికలో ఒక మనిషి పెరిగినట్టవుతుంది. హెచ్‌ఆర్ మేనేజర్ వరుసలో "ఖాళీ" అని రాసి, పక్కన తాత్కాలిక బాధ్యత గీతదని గుర్తు పెట్టాలి.

ఇన్ని దాటాక జతలు ఇలా వస్తాయి. మచ్చుకి కొన్ని వరుసలే చూపిస్తున్నాను:

```
పేరు              ఎవరికి      హోదా
ప్రసాద్            -          మేనేజింగ్ డైరెక్టర్
సుజాత            ప్రసాద్      మెడికల్ సూపరింటెండెంట్
మేరీ              సుజాత      ?
సురేష్            ?          ?
అనిల్            ?          ?
స్వాతి            ఇద్దరు?     క్వాలిటీ కోఆర్డినేటర్
```

ప్రశ్నార్థకాలు తీర్చడం

ఈ ప్రశ్నార్థకాలే మీ పనిలో అసలు విలువైన భాగం. పేరా ఏం చెప్పలేదో అవి చూపిస్తున్నాయి. సురేష్ పైన ఎవరో పేరాలో లేదు. అనిల్ పైన కూడా లేదు. మేరీ హోదా రాయలేదు, నర్సింగ్ అంతా చూస్తారన్నారు అంతే. "నర్సింగ్ సూపరింటెండెంట్ అయి ఉంటుందిలే" అని రాసేయాలనిపిస్తుంది. రాయకండి. చాలా ఆస్పత్రుల్లో ఆ స్థానంలో ఉన్నవాళ్ళ నియామక పత్రంలో మేట్రన్ అనో, నర్సింగ్ ఇంచార్జ్ అనో ఉంటుంది. పట్టికలో ఒక హోదా, పత్రంలో ఇంకో హోదా ఉంటే తనిఖీకి వచ్చినవాళ్ళు మొదట అక్కడే వేలు పెడతారు.

అడిగేటప్పుడు "మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారు?" అని అడగొద్దు. దానికి చాలామంది మర్యాద జవాబు చెబుతారు. "అందరికీ చెప్తామండీ", "ఎం.డి. గారికేనండీ" అంటారు. నేను అడిగేది ఇది: "రేపు మీకు సెలవు కావాలంటే సంతకం ఎవరిది?" ఇంకొకటి, "మీ డ్యూటీ చార్ట్ ఎవరు వేస్తారు?" ఈ రెండింటికీ ఒకే పేరు వస్తే ఆ మనిషే పైవాళ్ళు. ఇవి ఖచ్చితమైన ప్రశ్నలు, జవాబుకి కాగితం సాక్ష్యం కూడా ఉంటుంది. డ్యూటీ డాక్టర్ల విషయంలో పేరా రాసినవాళ్ళు తెలియకుండానే ఈ జవాబు ఇచ్చేశారు, డ్యూటీలు సూపరింటెండెంట్ గారు వేస్తారని.

స్టాఫ్ నర్సు విషయం ఆలోచించండి. రోజంతా ఆమె చేసే పని డాక్టర్ చెప్పిందే. ఏ ఇంజెక్షన్, ఎంత డోసు, ఎప్పుడు అన్నీ డాక్టర్ రాసినట్టే జరగాలి. అలాగని ఆమెను డాక్టర్ కింద పెడితే తప్పు. డాక్టర్ మాట రోగి వైద్యం వరకే. ఆమెను రాత్రి డ్యూటీకి మార్చేది, సెలవు ఇచ్చేది, పనితీరు మీద రాసేది వార్డు ఇంచార్జ్. ఆమె నుంచి లాగే గీత అక్కడికే వెళ్ళాలి.

మన ఉదాహరణలో అడిగితే ఇలా తేలిందనుకుందాం. సురేష్ సెలవు మీద సంతకం సుజాత గారిది, అతని హోదా ల్యాబ్ ఇంచార్జ్. అనిల్ సెలవు రాఘవ గారు ఇస్తారు, హోదా ఫార్మసీ ఇంచార్జ్. హెచ్‌ఆర్ మేనేజర్ కుర్చీ కూడా రాఘవ గారి కిందే. మేరీ నియామక పత్రంలో ఉన్నది నర్సింగ్ సూపరింటెండెంట్ అనే. ఇక స్వాతి. సెలవు సుజాత గారు ఇస్తారు, అడ్మినిస్ట్రేటర్ గారికి నెలకోసారి వివరాలు పంపుతుంది. అంటే అసలు గీత సుజాత గారికి, రెండోది పక్క గీత.

ఇద్దరు పైవాళ్ళున్నప్పుడు

మెట్ల జాబితాలో ఒక వరుస ఒకచోటే ఉండగలదు. అందుకని ప్రతి మనిషికీ ఒకే ఒక్క అసలు పైవాడు ఉండాలి. ఈ నియమం ఇప్పటిది కాదు. 1855లో అమెరికాలోని న్యూయార్క్ అండ్ ఈరీ రైల్‌రోడ్ కోసం డేనియల్ మెక్‌కాలమ్ చేయించిన పటం తొలి ఆర్గనైజేషన్ చార్టుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. దాన్ని చెట్టులాగే గీశారు, డైరెక్టర్లు అడుగున వేళ్ళ దగ్గర, సిబ్బంది పైన కొమ్మల్లో. కిందివాడికి ఆదేశం అతని వెంటనే పైనున్న అధికారి నుంచే రావాలన్నది మెక్‌కాలమ్ పట్టుబట్టిన విషయం. కొమ్మ రెండు మానుల నుంచి పుట్టదు కదా.

అయితే రెండో సంబంధాన్ని పారేయకూడదు. స్వాతి వరుస చివర "~ అడ్మినిస్ట్రేటర్" అని చిన్న గుర్తు పెట్టండి. పటం గీసినప్పుడు ఇదే చుక్కల గీత అవుతుంది. హౌస్‌కీపింగ్ రవికి కూడా అంతే. అసలు గీత రాఘవ గారికి, వార్డుల్లో పని వరకు చుక్కల గీత మేరీకి. ఆ "మేడం" మేరీయేనని అడిగి తేల్చుకున్నాకే సుమా.

ఒక హెచ్చరిక. ఇరవై వరుసల్లో ఐదారుకు పైగా చుక్కల గీతలు వస్తే, మీరు మొహమాటపడుతున్నారని అర్థం. ప్రతి ఒక్కరికీ ప్రతి పెద్దమనిషితో ఏదో ఒక సంబంధం ఉంటుంది. సంతకం గానీ, క్రమంగా జరిగే పని ఆదేశం గానీ ఉన్న చోటే చుక్కల గీత పెట్టండి.

ఎక్సెల్‌లో లోతు లెక్కించడం

ఇరవై వరుసలు చేత్తో కూడా సర్దవచ్చు. యాభై దాటితే ఎక్సెల్ పట్టుకోవాలి. A గడిలో పేరు, Bలో ఎవరికి, Cలో హోదా పెట్టండి. మొదటి వరుస శీర్షికలకి. రెండో వరుసలో అందరికంటే పైనున్నవాళ్ళు, వాళ్ళ B గడి ఖాళీగా ఉండాలి. తర్వాత ఒక్కొక్కరి వెనకాలే వాళ్ళ మనుషులందరూ వచ్చాక, అప్పుడు పక్కవాళ్ళు రావాలి. అంటే సుజాత, ఆవిడ కింద మేరీ, మేరీ కింద పద్మ, పద్మ కింద నర్సులు, ఆ తర్వాత కరుణ. సుజాత శాఖ పూర్తయ్యాకే రాఘవ. ఈ వరస మీరే సర్దాలి, కింది ఫార్ములా సర్దదు.

D2లో ఇది పెట్టి కిందికి లాగండి:

```
=IF(B2="",0,INDEX(D$1:D1,MATCH(B2,A$1:A1,0))+1)
```

పైవాళ్ళ లోతు ఎంతో చూసి, దానికి ఒకటి కలుపుతుంది. ప్రసాద్‌కి 0, సుజాతకి 1, మేరీకి 2, పద్మకి 3, నర్సులకి 4. ఆ తర్వాత E2లో:

```
=REPT("        ",D2)&C2&" – "&A2
```

లోతును బట్టి ముందు ఖాళీలు వేసి, హోదా, పేరు రాస్తుంది. జాబితా దాదాపు తయారైనట్టే.

ఈ మొదటి ఫార్ములాలో నాకు నచ్చేది దాని #N/A. ఒక వరుసలో అది వస్తే ఆ మనిషి కిందివాళ్ళందరికీ వస్తుంది, కాబట్టి అన్నిటికంటే పైన వచ్చిన దాన్ని చూడండి. అక్కడ B గడిలో ఉన్న పేరు పై వరుసల్లో ఎక్కడా దొరకలేదని. కారణాలు మూడే ఉంటాయి. పైవాళ్ళ వరుస కింద ఉండిపోయి ఉంటుంది, దాన్ని పైకి జరపండి. లేదా పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. Aలో "రాఘవ", Bలో "రాఘవ గారు" అని ఉన్నా కలవదు. పేరు చివర కంటికి కనపడని ఖాళీ ఉన్నా కలవదు. తెలుగులో "సురేష్" లాంటి పొల్లుతో ముగిసే పేర్లలో కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత ఒక అదృశ్య అక్షరాన్ని వదులుతాయి, అది కూడా ఇబ్బంది పెట్టవచ్చు. ఒకచోట రాసిన పేరునే కాపీ చేసి మిగతా చోట్ల అతికిస్తే ఈ గొడవ ఉండదు.

మూడో కారణం చక్రం. పద్మ మేరీకి అని ఒక వాక్యం, మేరీ పద్మకి అని ఇంకో వాక్యం వచ్చేసి ఉంటుంది. వరుసల్ని ఎంత అటూ ఇటూ జరిపినా #N/A పోకపోతే అక్కడ చక్రం ఉందన్నమాట. పేరా రాసినవాళ్ళకే ఫోన్ చేయాలి.

ఇది పట్టుకోలేని తప్పు ఒకటుంది. ఇద్దరు రవుల్ని విడదీయకపోతే MATCH మొదట కనిపించిన రవిని తీసుకుంటుంది. హౌస్‌కీపింగ్ పది మందీ ఫ్రంట్ ఆఫీస్ రవి పక్షాన చేరిపోతారు. ఇద్దరి లోతూ ఒకటే కాబట్టి అంకెల్లో తేడా కూడా కనపడదు. అందుకే ఆ పేర్లు మొదటి పనిలోనే విడదీయమన్నాను.

తయారైన జాబితా

```
మేనేజింగ్ డైరెక్టర్ – డా. ప్రసాద్
    మెడికల్ సూపరింటెండెంట్ – డా. సుజాత
        డ్యూటీ డాక్టర్లు – 5
        నర్సింగ్ సూపరింటెండెంట్ – మేరీ
            జనరల్ వార్డు ఇంచార్జ్ – పద్మ
                స్టాఫ్ నర్సులు – 12
            ఐసీయూ ఇంచార్జ్ – కరుణ
                స్టాఫ్ నర్సులు – 8
        ల్యాబ్ ఇంచార్జ్ – సురేష్
            ల్యాబ్ టెక్నీషియన్లు – 3
        క్వాలిటీ కోఆర్డినేటర్ – స్వాతి  ~ అడ్మినిస్ట్రేటర్
    అడ్మినిస్ట్రేటర్ – రాఘవ
        అకౌంట్స్ ఆఫీసర్ – గీత
        హెచ్‌ఆర్ మేనేజర్ – ఖాళీ, తాత్కాలిక బాధ్యత గీత
        ఫ్రంట్ ఆఫీస్ హెడ్ – రవి
            ఫ్రంట్ ఆఫీస్ సిబ్బంది – 3
        ఫార్మసీ ఇంచార్జ్ – అనిల్
            ఫార్మసిస్టులు – 2
        హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ – రవి, కాంట్రాక్టు  ~ నర్సింగ్ సూపరింటెండెంట్
            హౌస్‌కీపింగ్ సిబ్బంది, కాంట్రాక్టు – 10
```

వరుసలు లెక్కపెట్టండి. 20 రావాలి, వచ్చాయి. "ఎవరికి" గడి ఖాళీగా ఉన్నది ఒక్కరికే ఉండాలి. మిగతా 19 వరుసలకీ తలా ఒక పేరు. రెండు ఖాళీలుంటే మీ చేతిలో ఉన్నవి రెండు చెట్లు.

ఫ్రంట్ ఆఫీస్ దగ్గర 3 అని ఎందుకుందో గమనించారా? పేరాలో "నలుగురున్నారు, రవి హెడ్" అని ఉంది. రవితో కలిపి నలుగురా, రవి కాక నలుగురా? ముందు రవి కాక నలుగురు అనుకుని వేశాను. కాంట్రాక్టు వాళ్ళని పక్కన పెట్టి కూడితే 45 వస్తుంది. ఆస్పత్రి సిబ్బంది జాబితాలో ఎం.డి. గారితో కలిపి 44 మందే ఉన్నారనుకోండి. ఆ ఒక్క తేడా ఎక్కడుందో వెతకాల్సింది, "ఇంతమంది ఉన్నారు" అని గుంపునూ పెద్దనూ ఒకే వాక్యంలో చెప్పిన చోట్లే. అలా చూస్తే ఫ్రంట్ ఆఫీస్ దొరికింది. అంకె సరిపోయేదాకా పట్టికను బయటికి ఇవ్వకండి.

శాఖను మళ్ళీ విడిగా ఒక మెట్టుగా పెట్టాలా అని అడుగుతుంటారు. "నర్సింగ్ విభాగం" అని ఒక వరుస, దాని కింద మేరీ, ఇలా. నేను వద్దనే చెబుతాను. విభాగానికి సెలవు ఉండదు, సంతకం ఉండదు. మనుషుల మధ్య దాన్ని ఇరికిస్తే లోతు ఒకటి పెరిగి, మేరీకీ సుజాత గారికీ మధ్య లేని మెట్టు వస్తుంది. హోదాలోనే విభాగం పేరు ఉంది కాబట్టి అది చాలు. కావాలంటే ఎక్సెల్‌లో విభాగానికి ఒక గడి అదనంగా పెట్టుకోండి.

ఒకే మెట్టు మీద ఉన్నంత మాత్రాన హోదా సమానం కాదని కూడా పట్టిక చూసేవాళ్ళకి చెప్పాల్సి వస్తుంది. డ్యూటీ డాక్టర్లూ, ల్యాబ్ ఇంచార్జ్ ఒకే లోతులో ఉన్నారు. ఇద్దరి పైన ఉన్నది ఒకే మనిషి అని మాత్రమే దానర్థం. జీతం, చదువు, సీనియారిటీ ఈ పట్టికలో లేవు. ఈ మాట ముందే చెప్పకపోతే డాక్టర్ల గదిలో చిన్న టెన్షన్ తప్పదు.

పటంగా మార్చి, చూపించి, తేదీ వేయడం

గోడకి డబ్బాల పటం కావాలంటే మళ్ళీ గీయక్కర్లేదు. పవర్‌పాయింట్‌లో స్మార్ట్‌ఆర్ట్ తెరిచి, హయరార్కీలో ఆర్గనైజేషన్ చార్ట్ ఎంచుకుంటే పక్కన రాసే పేన్ వస్తుంది. అక్కడ Tab నొక్కితే వరుస ఒక మెట్టు లోపలికి, Shift+Tab నొక్కితే బయటికి జరుగుతుంది. జాబితాను అదే వరసలో ఎక్కించుకుంటూ పోవచ్చు. చుక్కల గీతలు మాత్రం విడిగా మీరే వేసుకోవాలి. మెయిల్‌లోనో, ఫోన్‌లోనో పంపేటప్పుడు ముందున్న ఖాళీలు కొన్నిచోట్ల మాయమవుతాయి, అప్పుడు మెట్లన్నీ ఒకే అంచుకి వచ్చి పడతాయి. అలా పంపాల్సి వస్తే 1, 1.1, 1.1.2 అని ముందు నంబర్లు వేయండి.

పట్టిక మొత్తం ఇచ్చి "చూసి చెప్పండి" అంటే అందరూ బాగుందనే అంటారు. ప్రతి ఇంచార్జ్‌కీ మూడు విషయాలే చూపించండి: వాళ్ళ వరుస, వాళ్ళ పైనున్న పేరు, వాళ్ళ కిందున్న అంకె. పద్మ తన 12 దగ్గర ఆగి, "అందులో ఒకమ్మాయి ప్రసూతి సెలవులో ఉందండీ" అనవచ్చు. ఆమె ఇంకా సిబ్బందే, అంకె మారదు. "ఇద్దరిని ఐసీయూకి మార్చేశారు" అంటే మాత్రం రెండు వరుసలు మారతాయి. ఆ వివరం నోటిమాటగా కాకుండా డ్యూటీ చార్ట్ చూసి దిద్దండి.

ఆపైన అడుగున తేదీ వేసి, సుజాత గారితోనూ రాఘవ గారితోనూ సంతకం చేయించండి. ఎక్సెల్ ఫైలును దాచి ఉంచండి. హెచ్‌ఆర్ మేనేజర్ చేరిన రోజున "ఖాళీ" ఉన్న చోట పేరు పడుతుంది, గీత పేరు ఆ వరుస నుంచి తొలగుతుంది, సిబ్బంది 45 అవుతారు. వరుసలు మాత్రం 20గానే ఉంటాయి.